గ్రూపులోకి రాకముందే చెప్పాల్సిన మాట

‘అర్జెంట్. ఓ నెగటివ్ రక్తం కావాలి. చిన్న పాప. ప్లీజ్ షేర్ చేయండి.’ తేదీ లేదు, ఊరు లేదు, ఆస్పత్రి పేరు లేదు. ఉన్న ఫోన్ నంబరుకు చేస్తే, ఆ అవసరం ఎప్పుడో తీరిపోయిందని అవతలి మనిషి విసుక్కుంటూ చెబుతాడు. రక్తదాతల వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్లకు ఇది అలవాటైన తలనొప్పి. తమాషా ఏమిటంటే, ఇలాంటి మెసేజ్ పెట్టేది ఎక్కువగా నిన్నగాక మొన్న చేరిన సభ్యులే. సాయం చేయాలన్న ఆత్రమే తప్ప వాళ్లలో చెడ్డ ఉద్దేశమేమీ ఉండదు. ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు, అంతే.

చెప్పామనే అడ్మిన్లు అంటారు. చెప్పిన తీరు చూస్తే మాత్రం కొత్తవాడిని తప్పుపట్టలేం. పూలగుత్తి బొమ్మ, నాలుగు నమస్కారాలు, గ్రూపు ఆశయాల మీద ఓ పేరా, ఆ తర్వాత ‘గుడ్ మార్నింగ్‌లు నిషేధం, రాజకీయాలు నిషేధం, మతం నిషేధం’ అంటూ పదిహేను నిషేధాలు. పొడవాటి మెసేజ్‌ను వాట్సాప్ సగంలో మడిచేస్తుంది. మిగతాది చూడాలంటే మళ్లీ నొక్కాలి. అసలు కావలసిన మాట ఆ మడత కిందే ఉండిపోతుంది.

ఒక జిల్లా కేంద్రంలో ఎనిమిది వందల మంది ఉన్న గ్రూపు అనుకుందాం. వాట్సాప్ గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు గనుక ఇదేమీ వింత కాదు. కొత్తగా ఒకరు చేరిన ప్రతిసారీ నిబంధనలన్నీ గ్రూపులో పెడితే ఎనిమిది వందల ఫోన్లు మోగుతాయి. నాలుగు రోజులు చూసి పాతవాళ్లు గ్రూపును మ్యూట్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత నిజంగా రక్తం కావలసి వచ్చిన రాత్రి ఒక్కరూ పలకరు.

అందుకే ఈ స్వాగతం చెప్పాల్సిన చోటు గ్రూపు కాదు, గడప. అడ్మిన్ అనుమతిస్తేనే కొత్తవాళ్లు చేరేలా గ్రూపు సెట్టింగుల్లో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని ఆన్ చేసుకుని, చేరతామని అడిగినవాళ్లకు ముందు విడిగా మెసేజ్ పంపాలి. ఇలా చేయడానికి ఇంకో గట్టి కారణం ఉంది: గ్రూపులో చేరిన క్షణం నుంచి మన ఫోన్ నంబరు అందులోని వాళ్లందరికీ కనిపిస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. చేరాక చెబితే ప్రయోజనమేముంది?

ఆ మెసేజ్ ఇలా ఉంటే చాలు:

‘నమస్తే అండీ. ఇది మన జిల్లా రక్తదాతల గ్రూపు. చేరితే మీ నంబరు సభ్యులందరికీ కనిపిస్తుంది. సమ్మతమైతే మీ బ్లడ్ గ్రూపు, చివరిసారి రక్తం ఇచ్చిన తేదీ పంపండి, చేర్చుకుంటాం. రక్తం కావాలంటే ఇలా రాయాలి: ఓ నెగటివ్, 2 యూనిట్లు, ఆస్పత్రి, ఊరు, ఏ తేదీ ఎన్ని గంటల్లోపు, రోగి తరఫువారి నంబరు. వేరేచోట నుంచి వచ్చిన మెసేజ్‌ను ఆ నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే పెట్టండి. దాత దొరగ్గానే దాని కింద “దొరికింది” అని రాయండి. రోగి ఫొటోలు, రిపోర్టులు వద్దు. దాత డబ్బు తీసుకోకూడదు. రక్త అవసరం తప్ప ఇక్కడ ఇంకే మెసేజూ పెట్టం.’

ఇందులో నిషేధాల చిట్టా లేదు. ఉన్నది రాయాల్సిన నమూనా. ‘పూర్తి వివరాలు ఇవ్వాలి’ అంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం తోస్తుంది. నమూనా చూపిస్తే ఆ ఖాళీలు నింపేస్తారు. చివరిసారి ఇచ్చిన తేదీ అడగడమూ ఊరికే కాదు. మన దేశంలో రక్తదానానికీ రక్తదానానికీ మధ్య మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు ఎడం ఉండాలి. ఆ తేదీ తెలిస్తే అడ్మిన్ ఎవరికి ఫోన్ చేయాలో, ఎవరికి అక్కర్లేదో చూసుకుంటాడు. పైగా జవాబు వచ్చిందంటే మెసేజ్ చదివారన్న మాటే.

డబ్బు మాట దగ్గర మాత్రం జాగ్రత్తగా రాయాలి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం ఆగిపోవాల్సి వచ్చింది. అయితే పరీక్షలకు, నిల్వకు బ్లడ్ బ్యాంకు కొంత రుసుము తీసుకోవడం వేరే సంగతి. ‘డబ్బు వద్దు’ అని ముక్తసరిగా రాస్తే, రోగి బంధువులు బిల్లు చూసి దాతనే అనుమానిస్తారు. ‘దాత’ అన్న ఒక్క మాట చేరిస్తే ఆ గొడవ ఉండదు.

ఇదే మెసేజ్‌ను గ్రూపు వివరణలో కూడా పెట్టి ఉంచాలి. ఎవరైనా తప్పితే అందరి ముందూ మందలించకుండా, అక్కడ చూడమని విడిగా చెప్పొచ్చు. రెండోసారీ అదే చేస్తే తీసేయడమే. అడ్మిన్ బావమరిది పంపిన పండగ శుభాకాంక్షలకు కూడా ఇదే వర్తించాలి. లేకపోతే నిబంధన ఎంత బాగా రాసినా వృథా.

అడ్మిన్లు ఒక పని చేసి చూడండి. మీ స్వాగత సందేశాన్ని గ్రూపులో లేని మనిషికి ఇచ్చి, ఒక్కసారి చదివాక రక్తం కావాలని మెసేజ్ రాయమనండి. తేదీయో ఆస్పత్రి పేరో వదిలేస్తే అతణ్ని సరిదిద్దకండి, మీ సందేశాన్ని తిరగరాయండి.