రాత్రి తొమ్మిదిన్నరకు పంపిన ఫొటో సాయంత్రం నాలుగింటిదెలా అయింది?

హైదరాబాద్‌లో తయారైన ఒక కుటుంబ సందేశాల యాప్ ఉందనుకుందాం. 2024 నవంబరు 2, శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్‌లో ఒక పెద్దావిడ మనవడి అన్నప్రాశన ఫొటో పెట్టారు. ఆమె ఫోన్లోనే ఆ ఫొటో కింద సాయంత్రం 4:00 అని కనిపించింది. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్లోనూ సాయంత్రం 4:00 అనే ఉంది. అప్పటికి డాలస్‌లో ఉదయం పదకొండే అయింది, అంటే ఫొటో ఇంకా రాని సాయంత్రం నుంచి వచ్చినట్టు. లండన్‌లోని కూతురికి కూడా 4:00 అనే కనిపించింది కానీ ఆమెకు అది సరైన సమయమే. ‘నాకు బాగానే ఉందే, మీ ఫోన్లలోనే ఏదో తేడా’ అని ఆమె అంటే తప్పు పట్టలేం.

కొందరికే తప్పు సమయం కనిపిస్తోందన్న ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఇలాంటి కథే. యాప్ సర్వర్ సమయాన్ని యూటీసీలో సరిగ్గానే దాచింది. యూటీసీ అంటే ప్రపంచానికంతటికీ ఉమ్మడిగా అణు గడియారాల ఆధారంగా నడిచే సమయం. చలికాలంలో లండన్ గడియారం చూపేదీ అదే. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. కాబట్టి రాత్రి 9:30 యూటీసీలో 16:00 అవుతుంది. సర్వర్ దాన్ని ఫోన్లకు ఇలా పంపింది:

```
2024-11-02T16:00:00
```

పంపాల్సింది ఇలా:

```
2024-11-02T16:00:00Z
```

తేడా చివరి అక్షరం ఒక్కటే. `Z` ఉంటే ‘ఇది యూటీసీ సమయం’ అని అర్థం. అది లేకపోతే ఇది ఎక్కడి నాలుగు గంటలో చెప్పే ఆధారం ఏదీ మిగలదు. వెబ్ పేజీలను నడిపే జావాస్క్రిప్ట్ నియమం ప్రకారం, తేదీ, గంట రెండూ ఉండి గుర్తు లేకపోతే దాన్ని ఆ ఫోన్ ఉన్న చోటి సమయంగా తీసుకోవాలి. అందుకే మూడు ఊళ్లలోనూ నాలుగే కనిపించింది. ఈ యాప్‌ను లండన్‌లో కూర్చుని చలికాలంలో పరీక్షించే వారికైతే మార్చి చివర్లో అక్కడి గడియారాలు గంట ముందుకు జరిగేదాకా ఈ లోపం కంటపడదు.

ఫిర్యాదులు వచ్చాక హడావుడిగా చేసే మరమ్మతు అసలు తప్పు కంటే ప్రమాదం. సర్వర్లోనే ప్రతి సమయానికీ ఐదున్నర గంటలు కలిపేస్తారు. హైదరాబాద్ గొడవ తీరుతుంది, కానీ డాలస్‌లో ఇప్పుడు రాత్రి 9:30 కనిపిస్తుంది. అప్పుడు అమెరికా వాళ్ల కోసం పదిన్నర గంటలు తీసేసే మరో లెక్క రాస్తారు. డాలస్‌లో ఉదయం 11:00 చక్కగా కనిపిస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

ఆ ఊరట మర్నాటిదాకానే. నవంబరు 3, ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు డాలస్ గడియారాలను వెనక్కి తిప్పి మళ్లీ ఒంటిగంట చేశారు. అక్కడ ఏటా నవంబరు మొదటి ఆదివారం వెనక్కి, మార్చి రెండో ఆదివారం ముందుకు తిప్పుతారు. ఆ క్షణం నుంచి మనకూ డాలస్‌కూ తేడా పదకొండున్నర గంటలు. పదిన్నర తీసేసే లెక్క మార్చి దాకా కొత్త సందేశాలన్నిటినీ గంట ముందుకు చూపిస్తూనే ఉంటుంది. దశాబ్దాలుగా మన దేశంలో గడియారాల జోలికి పోలేదు కాబట్టి ఇక్కడి ప్రోగ్రామర్లకు ఈ సంగతి తట్టకపోవడం వింతేమీ కాదు.

డాలస్‌లో ఆ తెల్లవారుజామున 1:30 రెండుసార్లు వచ్చింది. డేటాబేస్‌లో డాలస్ సమయాన్నే దాచి ఉంటే, ‘నవంబరు 3, 1:30’ అన్న వరుస చూసి అది మొదటిదో రెండోదో ఎవరూ చెప్పలేరు. ముందు పంపిన ప్రశ్న కిందికి, తర్వాత వచ్చిన జవాబు పైకి వెళ్లిపోవచ్చు. యూటీసీలో అవి 06:30, 07:30. రెంటికీ పొరపాటు పడే అవకాశమే లేదు. జరిగిపోయిన ప్రతి సంఘటననూ యూటీసీలో దాచమనడానికి అసలు కారణం ఇదే. దాచేది యూటీసీలో, పంపేది `Z`తో, స్థానిక సమయంలోకి మార్చేది తెరమీద చూపే ఆఖరి క్షణంలో మాత్రమే.

ఆ మార్పిడికి ‘ఐదున్నర గంటలు’ అన్న అంకె చాలదు, ప్రాంతం పేరు కావాలి. మన ఫోన్లలో ఉండేది `Asia/Kolkata`, డాలస్‌ది `America/Chicago`. హైదరాబాద్ పేరు లేదేమిటని కొందరు నొచ్చుకుంటారు గానీ, ఒకే నియమం పాటించే ప్రాంతానికి ఒక్క నగరం పేరే పెట్టడం ఆ పట్టిక పద్ధతి. ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ మొదలుపెట్టిన ఈ పట్టికలో ఏ దేశం ఎప్పుడు గడియారం తిప్పిందో, ఇకముందు ఎప్పుడు తిప్పుతుందో రాసి ఉంటుంది. ఏ ప్రభుత్వమైనా నియమం మారిస్తే పట్టికా మారుతుంది. ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్తది కాకపోతే పాత నియమమే నడుస్తుంది.

అయితే అన్నిటినీ యూటీసీలో పడేస్తే సరిపోతుందనుకోవడమూ తప్పే. పుట్టినరోజు ఒక క్షణం కాదు, ఒక తేదీ. `1990-05-14` అని గంట లేకుండా రాస్తే జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా తీసుకుంటుంది. డాలస్‌లో అది ముందురోజు సాయంత్రం ఏడు గంటలు, కాబట్టి యాప్ మే 13 అని చూపిస్తుంది. పుట్టినరోజును సమయంగా మార్చకుండా తేదీగానే ఉంచాలి.

రాబోయే కార్యక్రమాలది మరో చిక్కు. 2023లో లెబనాన్ గడియారాలు మార్చి 25 అర్ధరాత్రి గంట ముందుకు జరగాలి. దానికి రెండు రోజుల ముందు, రంజాన్ ముగిసేదాకా ఆ మార్పును వాయిదా వేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మారోనైట్ చర్చితో పాటు కొన్ని సంస్థలు ఒప్పుకోలేదు, ఒకే దేశంలో రెండు సమయాలు నడిచాయి. చివరికి మార్చి 27న ప్రభుత్వం నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. బీరూట్‌లో మార్చి 27 ఉదయం పదింటి సమావేశాన్ని పాత నియమం ప్రకారం ఎవరైనా యూటీసీ 07:00గా దాచి ఉంటే, ప్రభుత్వ సమయం ప్రకారం అది తొమ్మిదికి మారిపోయినట్టే. పదింటికి వచ్చేవారు గంట ఆలస్యమవుతారు. అందుకే ముందున్న కార్యక్రమానికి స్థానిక సమయాన్నీ ప్రాంతం పేరునూ దాచి, యూటీసీని పట్టికలోని తాజా నియమం చూసి లెక్కించాలి.

మీ ఫోన్లోని ఏ యాప్ అయినా తప్పు సమయం చూపిస్తే, ముందు తేడా ఎంతో కొలవండి. మన దేశంలో సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటే యూటీసీని మార్చకుండానే చూపుతున్నారు, ఐదున్నర గంటలు ముందుంటే రెండుసార్లు కలిపారు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మీవాళ్లకు సరిగ్గా గంట తేడా వస్తే గడియారం తిప్పే నియమాన్ని మరిచారు. పుట్టినరోజు ఒక రోజు జరిగితే తేదీని సమయంగా మార్చారు. ఫిర్యాదు పంపేటప్పుడు ‘టైమ్ తప్పు’ అని మాత్రమే రాయకండి. మీ ఊరు, అసలు సమయం, తెరమీద కనిపించిన సమయం, ఆ రోజు తేదీ నాలుగూ రాయండి.