నెలసరి రోజుల్లోనే భుజం నొప్పా?

ముప్పై నాలుగేళ్ల మహిళ ఒకామె ఉందనుకుందాం. నెలసరి మొదలైన మర్నాడు ఆమెకు కుడి భుజం కొసన పోటు. గట్టిగా ఊపిరి తీస్తే కుడి పక్క ఛాతీ పట్టేస్తుంది, మెట్లెక్కితే ఆయాసం. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. గ్యాస్ అని ఒకరు, బరువెత్తి కండరం పట్టిందని ఇంకొకరు అంటారు. తీరిక చూసుకుని ఎక్స్‌రేకి వెళ్లేసరికి పది రోజులు దాటాయి. అందులో ఏమీ కనిపించలేదు. మరుసటి నెల మళ్లీ అదే నొప్పి, అదే పక్క.

నెలసరితో ఇలా ముడిపడి వచ్చే నొప్పికి థొరాసిక్ ఎండోమెట్రియోసిస్ కారణం కావచ్చు. జబ్బు అరుదే. గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే డయాఫ్రం మీదో, ఊపిరితిత్తుల పైపొర మీదో పెరుగుతుంది. నెలనెలా హార్మోన్లకు స్పందించి అక్కడే వాస్తుంది, రక్తం చిమ్ముతుంది. డయాఫ్రంకు కబురు మోసే నరం మెడ దగ్గర బయల్దేరుతుంది. భుజం చర్మానికి వెళ్లే నరాల మూలాలూ అక్కడివే. అందుకే దెబ్బ డయాఫ్రంలో ఉన్నా నొప్పి భుజంలో తెలుస్తుంది. భుజానికి ఎంత మర్దన చేసినా ఫలితం ఉండదు.

ఈ జబ్బులో ఎక్కువగా కనిపించేది ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోవడం. సాధారణంగా నెలసరి మొదలైన మూడు రోజుల్లోపే, నూటికి తొంభై మందిలో కుడివైపే ఇలా జరుగుతుంది. డయాఫ్రంలో పడ్డ చిన్న రంధ్రాల గుండా గాలి పైకి చేరుతుందన్నది ఒక వివరణ. కొద్దిపాటి గాలైతే దానంతటదే ఇంకిపోతుంది. పైన చెప్పిన మహిళ ఎక్స్‌రే శుభ్రంగా రావడానికి కారణం అదే అయివుండొచ్చు. నొప్పి ఉన్న రోజునే తీయించి ఉంటే సంగతి తేలేది. కొందరికి నెలసరిలో దగ్గితే రక్తం పడుతుంది. మన దగ్గర మొదట టీబీని అనుమానిస్తారు, ఆ పరీక్షలు చేయించాల్సిందే. అయితే టీబీ లేదని తేలాక కూడా నెలనెలా రక్తం పడుతుంటే ఈ కోణంలోనూ చూడాలి.

సీటీ, ఎంఆర్ఐ కొంత సాయపడతాయి గానీ, మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. చాలాసార్లు ఛాతీలోకి కెమెరా పంపి చూస్తేనే డయాఫ్రం మీది మచ్చలు, రంధ్రాలు బయటపడతాయి. అదే ఆపరేషన్‌లో వాటిని తీసి కుట్టేస్తారు. తర్వాత నెలసరిని ఆపే హార్మోన్ మందులు కొన్ని నెలలు వాడతారు. అయినా తిరగబెట్టే అవకాశం ఉంది. గైనకాలజిస్టు, ఛాతీ సర్జన్ కలిసి చూడాల్సిన జబ్బిది.

ఛాతీ నొప్పుల్లో అత్యధికం ఇది కాదు. ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, చెమటలు పట్టినా, కళ్లు తిరిగినా తేదీలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి. అంత తీవ్రత లేకుండా నెలనెలా వస్తుంటే నొప్పి మొదలైన తేదీ, నెలసరి తేదీ, ఏ పక్కో రాసుకుని ఆ కాగితం డాక్టరుకు చూపించండి. ఎక్స్‌రే మాత్రం నొప్పి ఉన్నప్పుడే తీయించుకోండి.