కేబుల్‌లో శక్తి దాగేది తెల్ల నురుగులో

మేడ మీది డిష్ నుంచి టీవీ దగ్గరి సెట్ టాప్ బాక్స్‌కు దిగే నల్ల కేబుల్‌ను బ్లేడుతో అడ్డంగా కోసి చూడండి. నడిమధ్యన మిల్లీమీటరు మందం తీగ ఒకటుంటుంది. దాని చుట్టూ నురుగులా గుల్లబారిన తెల్ల ప్లాస్టిక్, ఆ పైన అల్యూమినియం రేకు, దాని మీద సన్నని తీగలతో అల్లిన జాలీ, చివరికి నల్ల తొడుగు. తొడుగు మీద ఆర్‌జీ-6 అనీ 75 ఓములు అనీ అచ్చువేసి ఉంటుంది. ఈ కేబుల్‌కు మీటరుకు ఎంత స్వయం ప్రేరకత్వం ఉందో మాత్రం తొడుగు మీద రాయరు, కొనేవాళ్లూ అడగరు. కానీ ఆ 75 అనే అంకెకు ఒక కాలు ప్రేరకత్వమే. దాన్ని లెక్కగట్టడానికి ఒక వెర్నియర్ కాలిపర్స్, ఒక కాలిక్యులేటరు చాలు.

ప్రేరకత్వం అనగానే చుట్లు చుట్లుగా ఉన్న తీగచుట్ట గుర్తొస్తుంది. ఇక్కడ చుట్టలేవీ లేవు కదా అనిపించవచ్చు. అయితే కరెంటు మధ్య తీగలో పోయి జాలీలో తిరిగి వస్తోంది. పొడవుగా సాగదీసినా అదీ ఒక చుట్టే. అందులో కరెంటు మొదలవగానే మధ్య జాగాలో అయస్కాంత క్షేత్రం పుడుతుంది. క్షేత్రం ఊరికే పుట్టదు. దాన్ని నిలబెట్టడానికి కరెంటు పంపే మూలం కొంత పని చేయాలి. ఆ పని క్షేత్రంలో శక్తిగా నిలవ ఉంటుంది, కరెంటు ఆగినప్పుడు తిరిగి బయటికి వస్తుంది. కరెంటు I అయితే ఆ శక్తి ½LI². ఇందులోని L నే స్వయం ప్రేరకత్వం అంటాం. అంటే క్షేత్రంలో ఎంత శక్తి ఉందో లెక్కపెడితే L దానంతట అదే బయటపడుతుంది. ఈ కేబుల్ విషయంలో అంతకంటే తేలిక దారి లేదు.

ముందు క్షేత్రం సంగతి చూద్దాం. ఆంపియర్ నియమం ప్రకారం, తీగను కేంద్రంగా చేసుకుని ఎంత పెద్ద వృత్తం గీసినా, ఆ వృత్తం లోపల పోయే మొత్తం కరెంటును బట్టే దాని మీది క్షేత్రం ఉంటుంది. కేబుల్ బయట వృత్తం గీస్తే లోపల పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బయట క్షేత్రం సున్నా. ఆలివర్ హెవిసైడ్ 1880లో ఇలాంటి కేబుల్‌కు ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నది ఈ గుణం కోసమే. పక్కపక్కన పోయే టెలిగ్రాఫ్, టెలిఫోన్ తీగలు ఒకదాని మాటల్లోకి ఇంకొకటి చొరబడకుండా చూడడం ఆయన ఉద్దేశం.

తెల్ల నురుగు ఉన్న జాగాలో మాత్రం మధ్య తీగ కరెంటు ఒక్కటే లెక్కలోకి వస్తుంది. అక్కడ క్షేత్రం కేంద్రం నుంచి ఉన్న దూరానికి విలోమంగా తగ్గుతుంది. ఒక ఆంపియరు కరెంటు పోతుంటే తీగ ఉపరితలం మీద క్షేత్రం 0.39 మిల్లీటెస్లా. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రానికి ఇది దాదాపు పది రెట్లు. రేకు దగ్గరికి చేరేసరికి 0.09కి పడిపోతుంది.

క్షేత్రం B ఉన్నచోట ఘనమీటరుకు నిలవ ఉండే శక్తి B²/2μ₀. ఇక్కడి μ₀ శూన్యపు అయస్కాంత స్థిరాంకం. ప్లాస్టిక్‌కు అయస్కాంతంతో పనిలేదు కాబట్టి నురుగులోనూ అదే విలువ. ఇప్పుడు నురుగును ఒకదానిలో ఒకటి ఇమిడిన సన్నని గొట్టాలుగా ఊహించుకోండి. ఒక గొట్టం కంటే రెట్టింపు దూరంలో ఉన్న ఇంకో గొట్టంలో క్షేత్రం సగం అవుతుంది, అందుచేత ఘనమీటరుకు ఉండే శక్తి నాలుగో వంతు. కానీ ఆ గొట్టం చుట్టుకొలత రెట్టింపు. మొత్తం మీద అదే మందం ఉన్న బయటి గొట్టంలో సగం శక్తి ఉంటుంది. ఇలా దూరంతో పాటు తగ్గుతూ పోయే వాటాలన్నీ కూడితే వచ్చేది సంవర్గమానం. మధ్య తీగ వ్యాసార్ధం a, రేకు లోపలి వ్యాసార్ధం b అనుకుంటే మీటరుకు

L = 0.2 × ln(b/a) మైక్రోహెన్రీలు

అని తేలుతుంది. ln అంటే సహజ సంవర్గమానం. ఆర్‌జీ-6లో మధ్య తీగ వ్యాసం 1.02 మిల్లీమీటర్లు, నురుగు బయటి వ్యాసం 4.57. నిష్పత్తి సుమారు నాలుగున్నర, దాని సంవర్గమానం ఒకటిన్నర. కాబట్టి మీటరుకు 0.30 మైక్రోహెన్రీలు. ఇక్కడ గమనించాల్సింది కేబుల్ లావు కాదు, నిష్పత్తి. తీగా జాలీ రెండూ నాలుగు రెట్లు లావైనా నిష్పత్తి మారకపోతే మీటరు ప్రేరకత్వం అంతే ఉంటుంది.

ఆ శక్తి నురుగులో సమంగా పరుచుకుని లేదు. రేకు పక్కన ఉన్నదానికంటే తీగను ఆనుకుని ఉన్న చోట శక్తి సాంద్రత ఇరవై రెట్లు. సరిగ్గా సగం శక్తి కేంద్రం నుంచి 1.08 మిల్లీమీటర్ల లోపలే ఉంటుంది. ఆ మేరకు నురుగు వైశాల్యంలో ఐదో వంతు కూడా లేదు.

మొత్తం శక్తి ఎంతో చూస్తే నవ్వొస్తుంది. డిష్ మీద ఉండే ఎల్‌ఎన్‌బికి కరెంటు వేరే తీగలో వెళ్లదు. సెట్ టాప్ బాక్సే ఇదే కేబుల్ ద్వారా 13 గానీ 18 గానీ వోల్టులు పంపుతుంది. కేబుల్ పొడవు 20 మీటర్లు, ఎల్‌ఎన్‌బి లాగే కరెంటు 150 మిల్లీఆంపియర్లు అనుకుందాం. నురుగు మొత్తం ప్రేరకత్వం 6 మైక్రోహెన్రీలు, అందులోని అయస్కాంత శక్తి దాదాపు 0.07 మైక్రోజౌళ్లు. రెండు మిల్లీగ్రాముల దోమను మూడు మిల్లీమీటర్లు పైకి లేపడానికి సరిపోతుందంతే.

ఇంత చిన్న అంకెతో పనేమిటంటే, దీనికి తోడుగా ఇంకో అంకె ఉంది. తీగకూ రేకుకూ మధ్య వోల్టేజీ ఉన్నప్పుడు అదే నురుగులో విద్యుత్ క్షేత్రం కూడా శక్తి దాస్తుంది. ఆ కొలత కెపాసిటెన్స్. ఆర్‌జీ-6కు మీటరుకు సుమారు 53 పికోఫారడ్లు. ప్రేరకత్వాన్ని కెపాసిటెన్స్‌తో భాగించి వర్గమూలం తీయండి. 75 ఓములు వస్తుంది! తొడుగు మీది అంకె ఇదే. ఆ రెండింటినీ గుణించి, వర్గమూలం తీసి, ఒకటిని దానితో భాగిస్తే సిగ్నల్ వేగం వస్తుంది: సెకనుకు 25 కోట్ల మీటర్లు, కాంతి వేగంలో 84 శాతం. కాలిపర్స్‌తో కొలిచిన రెండు వ్యాసాలు ఇక్కడిదాకా తెచ్చాయి.

ఇందాకటి 20 మీటర్ల కేబుల్‌లోనే 18 వోల్టుల దగ్గర విద్యుత్ శక్తి లెక్కిస్తే 0.17 మైక్రోజౌళ్లు. అయస్కాంత శక్తికి రెండున్నర రెట్లు. ఎందుకీ తేడా? 18 వోల్టుల దగ్గర 150 మిల్లీఆంపియర్లు తీసుకునే ఎల్‌ఎన్‌బి కేబుల్‌కు 120 ఓముల భారంలా కనిపిస్తోంది. ఆ చివర సరిగ్గా 75 ఓములు ఉంటే రెండు శక్తులూ సమానమవుతాయి. ఛానళ్లను మోసుకొచ్చే సిగ్నల్‌కు సరైన కేబుల్‌లో జరిగేది అదే. సగం శక్తి అయస్కాంత క్షేత్రంలో, సగం విద్యుత్ క్షేత్రంలో ఉండి, రెండూ కలిసి నురుగు వెంట పరుగెడతాయి. మీటరులో ఉన్న మొత్తం శక్తిని వేగంతో గుణిస్తే అవతలి చివర చేరే సామర్థ్యం వస్తుంది. శక్తి రాగిలో నుంచి కాకుండా దాని చుట్టూ ఉన్న జాగాలో నుంచి ప్రయాణిస్తుందని పాయింటింగ్ 1884లో రాసింది ఈ అర్థంలోనే.

ఇక విద్యార్థులను తికమకపెట్టే చోటుకు వద్దాం. కొన్ని పుస్తకాల్లో పై సూత్రానికి మీటరుకు ఇంకో 0.05 మైక్రోహెన్రీలు కలిపి ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. ఏది తప్పు? రెండూ సరైనవే. కరెంటు తీగ మందమంతా సమంగా పోతుంటే తీగ లోపల కూడా క్షేత్రం ఉంటుంది. కేంద్రంలో సున్నాతో మొదలై ఉపరితలం దాకా సమంగా పెరుగుతుంది. అక్కడి శక్తిని కూడితే మీటరుకు 0.05 మైక్రోహెన్రీలకు సమానం. విచిత్రమేమిటంటే తీగ లావైనా సన్నమైనా ఈ విలువ మారదు. లావు తీగలో క్షేత్రం పలచబడుతుంది, జాగా పెరుగుతుంది, రెండూ సరిగ్గా సరిపోతాయి.

ఇది నిలకడ కరెంటు మాట. పౌనఃపున్యం పెరిగేకొద్దీ కరెంటు తీగ లోతుల్లోకి దిగడం మానేసి చర్మానికి అంటుకుంటుంది. ఎల్‌ఎన్‌బి నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర రెండు మైక్రాన్లే. తీగ లోపల క్షేత్రమే లేనప్పుడు శక్తీ లేదు, ఆ 0.05 మాయం. తయారీదారులు దీన్ని సొమ్ము చేసుకున్నారు. బజారులో దొరికే చాలా ఆర్‌జీ-6 కేబుళ్లలో మధ్య తీగ ఉక్కు, పైన పల్చని రాగి పూత. అయస్కాంతం దగ్గర పెడితే అంటుకుంటుంది. సిగ్నల్‌కు దాంతో ఇబ్బంది లేదు. ఎల్‌ఎన్‌బికి వెళ్లే నిలకడ కరెంటు మాత్రం ఉక్కులో కూడా పోవాలి కాబట్టి నిరోధం ఎక్కువ. పైగా ఉక్కు అయస్కాంత పదార్థం కావడంతో లోపలి శక్తి ఆ 0.05 లెక్క కంటే ఎన్నో రెట్లు ఉంటుంది. ఇందాక దోమను లేపినది నురుగులోని శక్తి వరకే.

ఈ కొలతలు చెడిపోయే తీరు మూడు రకాలు. గోడకు మేకు క్లిప్పు గట్టిగా దిగ్గొట్టితే కేబుల్ నొక్కుకుపోయి రేకు తీగకు దగ్గరవుతుంది. శక్తి దాచే జాగా తగ్గి ప్రేరకత్వం పడిపోతుంది, కెపాసిటెన్స్ పెరుగుతుంది. లోపలి వ్యాసం 4.57 నుంచి 3.6కు కుంగితే అక్కడ 75 ఓములు 63 అవుతాయి, సిగ్నల్‌లో కొంత వెనక్కి తిరుగుతుంది. రెండోది నీళ్లు. నల్ల తొడుగు చిట్లి వాన నీరు నురుగులోకి దిగితే ప్రేరకత్వం ఏమీ మారదు, ఎందుకంటే నీరు అయస్కాంత పదార్థం కాదు. కెపాసిటెన్స్ మాత్రం పెరిగిపోతుంది, వేగం తగ్గుతుంది. టీడీఆర్ అనే పరికరం కేబుల్‌లోకి చిన్న స్పందన పంపి ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తుంది. 100 నానోసెకన్లకు వస్తే లోపం పన్నెండున్నర మీటర్ల దూరంలో ఉందన్నమాట.

మూడోది అన్నిటికంటే ఎక్కువగా కనబడేది, కనెక్టరు దగ్గరి నిర్లక్ష్యం. జాలీని చుట్టూ పరిచి నొక్కకుండా, మెలిపెట్టి ఒక పక్కన తోకలా తగిలిస్తారు. నిలకడ కరెంటుకు అది చక్కగా పనిచేస్తుంది, మల్టీమీటరు కూడా అంతా బాగుందంటుంది. కానీ ఆ రెండు సెంటీమీటర్ల మేర తిరుగు కరెంటు తీగను చుట్టుముట్టి లేదు. రెండు క్షేత్రాలు కొట్టేసుకోవడం ఆగిపోయి, లోపల బందీగా ఉన్న క్షేత్రం బయటికి పరుచుకుంటుంది. ఆ తోక ప్రేరకత్వం సుమారు 13 నానోహెన్రీలు. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర అది 80 ఓములకు పైగా అడ్డు, అంటే మొత్తం కేబుల్ ఓముల కంటే ఎక్కువ. పై పౌనఃపున్యాల దగ్గర ఇంకా పెరుగుతుంది. అందుకే ఇలాంటి కనెక్టరుతో కొన్ని ఛానళ్లు శుభ్రంగా వస్తూ, పై పౌనఃపున్యాల్లోవి గళ్లు గళ్లుగా విరిగిపోతాయి. ముందు డిష్‌ను కదపకుండా, కేబుల్ చివర రెండంగుళాలు కోసేసి, జాలీని చుట్టూ వెనక్కి మడిచి కొత్త ఎఫ్ కనెక్టరు నొక్కి చూడాలి.