సబ్బుకు తూకమే ప్రాణం

అగరుబత్తి, కొవ్వొత్తి, మూలికల సబ్బు: చేతిలో కొద్ది సొమ్మే ఉంటే దేనితో మొదలుపెట్టాలి? అమ్మకానికి ముందు మొదటి రెండూ, ఇంటి వాడకానికి సబ్బు అంటాను నేను. చట్టం దృష్టిలో ఒంటి సబ్బు సౌందర్య సాధనం. ఇంట్లో చేసినా సరే, అమ్మాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి.

ఈలోగా చెయ్యి తిరగాలి కదా. అరకిలో కొబ్బరినూనె పూర్తిగా సబ్బుగా మారాలంటే సుమారు 91 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అంతా వేస్తే ఆ సబ్బు చర్మాన్ని పొడిబారుస్తుంది. అందుకే ఐదో వంతు తగ్గించి 73 గ్రాములే వేస్తారు. చెంచాల లెక్క ఇక్కడ పనికిరాదు, గ్రాము తూచే డిజిటల్ కాటా ఉండాల్సిందే.

కళ్లద్దాలు, గ్లౌజులు పెట్టుకుని, స్టీలు గిన్నెలో 170 గ్రాముల నీళ్లు పోసి, అందులో సోడాను కొద్దికొద్దిగా వెయ్యాలి. సోడా మీద నీళ్లు పోస్తే ఒక్కసారిగా పొంగి చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నెను సోడా తినేస్తుంది. ద్రావణం గోరువెచ్చగా అయ్యాక నూనెలో కలిపి, గిలకొట్టిన పెరుగులా చిక్కబడేదాకా తిప్పి, చివర్లో చెంచాడు వేపాకు పొడి వెయ్యాలి.

కొబ్బరినూనె సబ్బు త్వరగా గట్టిపడుతుంది. కొన్ని గంటల్లోనే ముక్కలు కోయకపోతే పెళుసుగా విరుగుతుంది. తర్వాత గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. ముక్కలోంచి నీరులాంటిది ఊరుతుంటే కలవని సోడా ఉండొచ్చు, దాన్ని ఒంటికి తగలనివ్వకూడదు.