పన్నెండు కిలోమీటర్ల తీగ ఎంత సాగుతుంది?

గ్రేట్ నికోబార్ దక్షిణ తీరాన ఇందిరా పాయింట్‌కు చేరువలో ఉన్న అఖాతాన్ని గలతియా అఖాతమంటారు. 1845-47 సంవత్సరాలలో ప్రపంచయాత్ర చేస్తూ 1846లో నికోబార్ దీవులకు వచ్చిన డెన్మార్క్ నౌక పేరది. ఆ పేరునే ధరించిన మరొక డేనిష్ నౌక 1951 జూలైలో ఫిలిప్పీన్ అగాధంలో 10,190 మీటర్ల లోతుకు వల దించి, సజీవమైన సముద్రపుష్పాలను పైకి తెచ్చింది. ఆ వలను మోసినది 12 కిలోమీటర్ల ఉక్కు తీగతాడు. పైన లావుగా మొదలై, కిందికి పోయేకొలదీ సన్నబడే తాడది.

శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) మా సహోద్యోగి ఒకరి కుమార్తె డిప్లొమా చదువుతున్నది. తన బరువుతోనూ, కొనకు కట్టిన భారంతోనూ వ్రేలాడే సన్నబడు కడ్డీ ఎంత సాగుతుందన్న లెక్క పట్టుకొని ఆ అమ్మాయి మా వద్దకు వచ్చినప్పుడు మాకు ఈ తాడే గుర్తుకు వచ్చింది.

"అంకుల్, తాడంతా ఒకే లావున చేస్తే సరిపోదా?" అని ఆమె అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కాని సమలావు కడ్డీని రెండింతలు లావు చేస్తే బరువూ అంతే పెరుగుతుంది. అందుచేత స్వభారం వలన పైకొనలో కలిగే ప్రతిబలం మారదు. ఉక్కు ఘనపుమీటరు బరువు సుమారు 78,000 న్యూటన్లు; సముద్రజలపు ఉత్ప్లవనం పోగా 68,000. పన్నెండు వేల మీటర్లకు 816 మెగాపాస్కల్. లావు ఎంతైనా అంతే!

ఇక లెక్క. కొలతలు నౌకవి కావు, సౌలభ్యం కోసం మేము ఎంచుకున్నవి. కిందికొన వ్యాసం 10 మిల్లీమీటర్లు, పైకొన 20, పొడవు 12 కిలోమీటర్లు, కొనన భారం 10,000 న్యూటన్లు. ముందుగా కడ్డీని తాడుగా గాక ఘనమైన ఉక్కుగా భావిద్దాము.

కడ్డీని కొన తెగిన శంకువుగా ఊహించి, దాని అంచులను కిందికి పొడిగిస్తే అవి ఒక బిందువున కలుస్తాయి. అక్కడినుండి కిందికొన దూరం a, పైకొన దూరం b, మధ్యనున్న ఏదేని పొర దూరం y అందాము. వైశాల్యం y² ననుసరించి పెరుగుతుంది గనుక A = ky². ఆ పొర మోసేది మొత్తం బరువు కాదు, తనకు దిగువనున్న భాగం బరువు మాత్రమే. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

W = γk(y³ − a³)/3

పొర సాగుదల W·dy/(A·E). దీనిని a నుండి b వరకు సమాకలనం చేయగా,

δ₁ = (γ/3E)·[(b² − a²)/2 − a²(b − a)/b]

కొన భారం ప్రతి పొరలోనూ ఒకటే. కాబట్టి దానివలన కలిగే సాగుదల మరింత సులువు:

δ₂ = 4PL/(πE·d₁d₂)

మన కడ్డీకి a 12, b 24 కిలోమీటర్లు. కుండలీకరణంలోని విలువ 216 − 72 = 144 చదరపు కిలోమీటర్లు. ఉక్కు స్థితిస్థాపక గుణకం 2 × 10¹¹ పాస్కల్ అనుకుంటే δ₁ 16.3 మీటర్లు, δ₂ 3.8 మీటర్లు, వెరసి 20.1.

ఆ అమ్మాయి అంతకుముందే సమాకలనం లేకుండా, సగటు వ్యాసం 15 మిల్లీమీటర్లు తీసుకొని, మొత్తం బరువు సగం పనిచేస్తుందని భావించి, స్వభారానికే 25.4 మీటర్లు తెచ్చుకున్నది. బరువులో అధికభాగం లావైన పైభాగంలోనే ఉన్నదన్న సంగతిని సగటు మరుగుపరచింది. ఈ పొరపాటును పసిగట్టడానికి రెండు అవధులు చాలు. రెండు కొనలూ సమానమైతే δ₁ = γL²/2E కావాలి, అనగా 24.5 మీటర్లు. కింద మొనదేలితే γL²/6E, అనగా 8.2. సరైన జవాబు ఈ రెంటి మధ్య ఉండాలి. 16.3 ఉన్నది, 25.4 లేదు.

సన్నబరచడం వలన అసలు లాభం సాగుదల తగ్గడం కాదు. స్వభారం వలన పైకొన ప్రతిబలం 816 నుండి 476 మెగాపాస్కల్‌కు దిగింది. అంటే 12 కిలోమీటర్ల తాడు 7 కిలోమీటర్ల సమలావు తాడువలె ప్రవర్తిస్తున్నది. వల బరువుకు మరో 32 చేర్చినా మొత్తం 508. కిందికొనలో వల బరువు ఒక్కటే 127 మెగాపాస్కల్ కలిగిస్తుంది గనుక అక్కడా భయం లేదు.

తీగతాడు ఘనమైన కడ్డీ కాదు. పేనిన తీగలు లాగినప్పుడు బిగుసుకొంటాయి, వాటి మధ్య ఖాళీలూ ఉంటాయి. అందుచేత తాడు గుణకాన్ని ఉక్కులో దాదాపు సగంగా తీసుకోవడం వాడుక. అట్లయితే మన 20 మీటర్లు 40 అవుతాయి. పైగా కొత్త తాడు మొదటి లాగుళ్ళలో కొంత శాశ్వతంగా కూడా సాగుతుంది. అది ఈ సూత్రానికి అందదు. ఓడపై చక్రం చూపే తాడు పొడవుకూ వల చేరిన లోతుకూ తేడా రావడానికి ఇదొక చిన్న కారణం. ప్రవాహానికి తాడు వాలడం అంతకన్న పెద్దది. ఆ లెక్కకు మరొక సాయంత్రం కావాలని ఆ అమ్మాయితో చెప్పి పంపినాము.