రిజిస్టర్‌లో ఉన్నోళ్లు, కొత్తగా వచ్చినోళ్లు: కుష్టు లెక్కల పట్టికను చదవడం ఎట్లా?

ప్రజారోగ్యం పాఠంలో పంచిపెట్టే కాగితాల్లో తప్పకుండా ఒక పట్టిక ఉంటుంది. రోగం పేరు, రెండు మూడు అంకెలు, కింద ఒక నిర్ణయం. చాలామందిమి ఆ నిర్ణయాన్నే రాసుకొని వస్తాం. అంకెల్ని ప్రశ్నించం. కుష్టు వ్యాధికి సంబంధించిన అట్లాంటి పట్టిక ఒకదాన్ని తీసుకొని చూద్దాం. మన పల్లెల్లో పెద్దరోగం అన్నది దీన్నే. జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమం ఇచ్చిన లెక్కలివి.

2011–12లో కొత్తగా గుర్తించిన రోగులు: 1.27 లక్షలు
కొత్త రోగుల రేటు: లక్ష జనాభాకు 10.35
2012 ఏప్రిల్ 1 నాటికి రిజిస్టర్‌లో ఉన్న రోగులు: 0.83 లక్షలు
ప్రెవలెన్స్: పదివేల జనాభాకు 0.68

పైపైన చూస్తే 10.35 పెద్దది, 0.68 చిన్నది. మొదట చూడాల్సింది అంకెను కాదు, అది ఎంతమందికి లెక్కగట్టిందో దాన్ని. ఒకటి లక్షకు, మరొకటి పదివేలకు. రెండింటినీ లక్షకు మారిస్తే 0.68 కాస్తా 6.8 అవుతుంది. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఇన్సిడెన్స్ అంటే ఒక కాలంలో, మామూలుగా ఏడాదిలో, కొత్తగా రోగం వచ్చినవాళ్ల లెక్క. ప్రెవలెన్స్ అంటే ఒక రోజున రోగంతో ఉన్నవాళ్లందరి లెక్క. చెరువును తలుచుకుంటే సులువు. కాలువ గుండా వచ్చే నీళ్లు ఇన్సిడెన్స్. ఈ పూట చెరువులో నిలిచిన నీళ్లు ప్రెవలెన్స్. తూము ఎంత వెడల్పు తెరిస్తే మట్టం అంత తగ్గుతుంది. కాలువ మాత్రం పారుతూనే ఉండొచ్చు.

మరి ఏడాదిలో 1.27 లక్షల మంది కొత్తగా వస్తే, ఏడాది చివర రిజిస్టర్‌లో 0.83 లక్షలే ఎట్లా ఉన్నారు? రాకపోకలు నిలకడగా ఉన్నప్పుడు ప్రెవలెన్స్ సుమారుగా ఇన్సిడెన్స్‌ను రోగి లెక్కలో ఉండే కాలంతో హెచ్చించినంత. ఇక్కడ 0.83ను 1.27తో భాగిస్తే 0.65 ఏడాది, అంటే దాదాపు ఎనిమిది నెలలు. ఇది అబద్ధపు లెక్క కాదు. బహుళ ఔషధ చికిత్స తేలిక రకానికి 6 నెలలు, తీవ్ర రకానికి 12 నెలలు. మందుల కోర్సు పూర్తికాగానే పేరు రిజిస్టర్ నుంచి తీసేస్తారు.

తీవ్ర రకానికి ఒకప్పుడు 24 నెలలు మందులిచ్చేవారు. 1998 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ నివేదిక తర్వాత అది 12 నెలలైంది. ఒక తాలూకాలో ఆ రకం రోగులు ఏటా నూరుమంది కొత్తగా వస్తారనుకుందాం. 24 నెలల చికిత్సలో రిజిస్టర్‌లో సుమారు 200 మంది, 12 నెలల చికిత్సలో సుమారు 100 మంది ఉంటారు. ప్రెవలెన్స్ సగానికి పడిపోయింది. రోగం సోకినవాళ్లు మాత్రం ఒక్కరు కూడా తగ్గలేదు. మందు తక్కువకాలంలో పనిచేయడం మేలే. దాన్ని రోగవ్యాప్తి తగ్గినట్టు చూపడమే తప్పు.

పదివేలకు ఒకటికంటే తక్కువ ప్రెవలెన్స్ అన్న గీటురాయిని ప్రపంచ ఆరోగ్య సభ 1991లో పెట్టింది. దాని ప్రకారమే 2005 డిసెంబరు నాటికి కుష్టును ప్రజారోగ్య సమస్యగా నిర్మూలించినట్టు మనదేశం ప్రకటించింది. ఆరేళ్ల తర్వాతి పట్టికలో 1.27 లక్షల కొత్త పేర్లున్నాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. పట్టికలోని 10.35 నిజమైన ఇన్సిడెన్స్ కాదు, గుర్తించినవాళ్ల రేటు. ఈ రోగం బయటపడటానికి ఏళ్లు పడుతుంది. ఇంటింటికీ తిరిగి వెతకడం మానేస్తే రేటు దానంతటదే పడిపోతుంది. 2016లో ఇంటింటి గాలింపు పెడితే వేలమంది కొత్త రోగులు బయటపడ్డారు. వాళ్లందరికీ ఆ ఏడాదే రోగం సోకిందని కాదు, అప్పటిదాకా ఎవరూ వాడల్లోకి వెళ్లి చూడలేదని.

కాబట్టి మరో రెండు గడుల్ని వెతకాలి. కొత్త రోగుల్లో పిల్లలెంతమంది? పిల్లలు ఎక్కువగా ఉంటే సోకడం ఇంకా నడుస్తున్నట్టు. కంటికి కనిపించే అవిటితనంతో వచ్చినవాళ్లెంతమంది? ఆ శాతం ఎక్కువైతే ఆలస్యంగా గుర్తిస్తున్నట్టు. కొత్త రోగుల రేటు తగ్గుతూ ఈ శాతం పెరుగుతూ ఉంటే తగ్గింది రోగం కాదు, వెతకడం.

చివరగా, ఈ ప్రెవలెన్స్‌లో లేనివాళ్లు ఎవరు? కోర్సు పూర్తిచేసి, వేళ్లు వంకరపోయి, పాదాల స్పర్శ పోయి, కూలికి పిలిచేవాళ్లు లేక ఊరవతల బతుకుతున్నవాళ్లు. వాళ్లకిక రోగం లేదు గనక గడిలోనూ లేరు. పింఛను, చెప్పులు, చేతి ఆపరేషన్ వంటివాటికి ఎంత డబ్బు కావాలో 0.68ని చూసి నిర్ణయిస్తే ముందు నష్టపోయేది వాళ్లే. మండల ఆసుపత్రికి వెళ్లి లెక్కలడిగేటప్పుడు రిజిస్టర్‌లో ఎందరున్నారని అడిగి ఊరుకోవద్దు. ఈ ఏడాది కొత్తగా ఎందరు, వెతికింది ఎవరు, ఏ వాడల్లో, కోర్సు ముగిసి అవిటితనంతో మిగిలినవాళ్లు ఎందరని అడగాలి.