ముగింపు తప్ప అన్నీ ముందే చెప్పే కథలు

అనగనగా ఒక పడుచు. పెళ్ళయి అత్తవారింటికి వచ్చింది. మొగుడు పగలొకసారి వచ్చి అన్నం తిని, ఆమెను లోపలే ఉంచి తాళం వేసుకుని వెళ్ళిపోతాడు. రాత్రిళ్ళు వేరొకరి ఇంట్లో గడుపుతాడు. ఆమె ఒంటరితనం చూసిన ఒక ముసలమ్మ మొగుడికి పెట్టమని వశీకరణపు వేరు ఇస్తుంది.

కర్ణాటక ఇళ్ళలో నోటి మాటగా తిరిగిన కథ ఇది. ఎ.కె. రామానుజన్ చెప్పగా విన్న గిరీశ్ కర్నాడ్, దీన్నీ ఇంకో జానపద కథనూ కలిపి 1988లో 'నాగమండల' నాటకంగా రాశారు. ఇప్పుడు దీన్ని ఒకరు నలభై నిమిషాల వీడియోగా చెప్పబోతున్నారనుకుందాం. వినేవాళ్ళు పెద్దలు. వంట చేస్తూనో, పడుకునే ముందో చెవిలో పెట్టుకుని వింటారు. వీడియో కింద వాళ్ళకు ఏం రాయాలి?

మొదట కథ పుట్టిల్లు. చాలా వీడియోల కింద 'భారతీయ జానపద కథ' అనో 'అమ్మమ్మ చెప్పిన కథ' అనో ఒక్క మాట కనిపిస్తుంది. దాంతో వినేవాడికి తెలిసేదేమీ లేదు. 'కర్ణాటక మౌఖిక కథ. నాగమండల నాటకానికి ఆధారమైన రెండు కథల్లో ఒకటి. ఇక్కడ నాటకం చదవడం లేదు, కథనే సొంత మాటల్లో చెబుతున్నాం' అంటే విషయం తేలిపోతుంది. చివరి వాక్యం తప్పనిసరి. నోటి కథ అందరిదీ. నాటకంలోని సంభాషణలు మాత్రం రచయితవి, వాటికి హక్కులుంటాయి.

పైగా కర్నాడ్ నాటకంలో ముగింపు ఒకటి కాదు. కథ అయిపోయిందనుకున్న చోట, వింటున్నవాళ్ళు ఒప్పుకోక మళ్ళీ ముందుకు నడిపిస్తారు. నాటకం చూసినవాళ్ళు వీడియో విని 'ఇది వేరేలా ఉందే' అనుకోవచ్చు. ఏ రూపం చెబుతున్నారో ముందే రాస్తే ఆ అనుమానం రాదు. ముగింపు ఏమిటో చెప్పనక్కరలేదు.

తర్వాత చెప్పినవాళ్ళ పేరు. ఒక కథ వెనక ముగ్గురుండవచ్చు: మొదట చెప్పినవాళ్ళు, సేకరించినవాళ్ళు, ఇప్పుడు గొంతు ఇస్తున్నవాళ్ళు. చాలాసార్లు చివరి పేరొక్కటే మిగులుతుంది. జర్మనీలో గ్రిమ్ సోదరులకు ఎన్నో కథలు చెప్పిన డొరోథియా వీమాన్ ఒక దర్జీ భార్య. 1819 నాటి రెండో ముద్రణలో ఆమె బొమ్మ అచ్చువేశారు, అందుకే ఆమె ముఖం ఈనాటికీ మనకు తెలుసు. మన ఊళ్ళలో ఊ కొట్టించుకుంటూ కథలు చెప్పిన ఎందరో ఆడవాళ్ళకు అలాంటి బొమ్మ లేదు. పేరు తెలిస్తే, వాళ్ళు ఒప్పుకుంటే, రాసి తీరాలి. తెలియకపోతే ఏ పుస్తకంలో దొరికిందో రాస్తే చాలు. లేని నానమ్మను పుట్టించడం మాత్రం తప్పు.

ఇక నిడివి. వీడియో మూలన 42 నిమిషాలని కనిపిస్తుంది సరే, అందులో కథ ఎంత? మూడు నిమిషాల పరిచయం, చివర ఐదు నిమిషాల ముచ్చట తీసేస్తే కథ 34 నిమిషాలే. ఆ లెక్క రాస్తే బస్సు ఎక్కబోయేవాడికి ఉపయోగం. యూట్యూబ్‌లో అధ్యాయాలు పెట్టాలంటే మొదటి సమయం 00:00 కావాలి, కనీసం మూడు భాగాలుండాలి, ఒక్కొక్కటి పది సెకన్లకు తగ్గకూడదు. మన కథకు ఇలా పెట్టవచ్చు:

```
00:00 ఈ కథ ఎక్కడిది
03:00 తాళం వేసిన ఇల్లు
12:30 ముసలమ్మ ఇచ్చిన వేరు
21:00 ఊరి పంచాయితీ
37:00 కథ తర్వాత మాటలు
```

ఎక్కువమంది జారేది ఇక్కడే. వివరణలో ఎంతో జాగ్రత్తగా దాచిన మలుపును అధ్యాయం పేరులో పెట్టేస్తారు. పై పట్టీలో నాలుగో పేరు దగ్గరే ప్రమాదముంది. పంచాయితీ జరుగుతుందని తెలిస్తే, ఆమె మీద ఏదో నింద పడుతుందని వినేవాడు ఊహిస్తాడు. 'ఊరి ముందు' అని మార్చితే ఊహ ఆగుతుంది, వెతుక్కునేవాడికి చోటూ దొరుకుతుంది. సంగ్రహం కూడా వేరు ఆమె చేతికి వచ్చిన దగ్గర ఆగాలి. ఆ వేరు ఎవరి కడుపులో పడిందన్నది కథ చెప్పాలి.

పెద్దల కథ అన్న మాటకూ కారణం రాయాలి. 'దాంపత్యంలో క్రూరత్వం, శృంగార ప్రస్తావన ఉన్నాయి' అన్న ఒక్క వాక్యం సరిపోతుంది. జానపదం అనగానే పిల్లల కోసమేనని టిక్కు పెట్టే అలవాటు ఇలాంటి కథకు పనికిరాదు.

చివరి ఐదు నిమిషాల ముచ్చటకు ఇంకో పనీ ఉంది. తెర కింద ఎర్ర గీత చివరికి చేరుతుంటే, ముగింపు వచ్చేసిందని వినేవాడికి ముందే తెలిసిపోతుంది. కథ తర్వాత మాటలు మిగిలి ఉంటే, గీత చూసినా కథ ఎక్కడ ఆగుతుందో కచ్చితంగా పట్టుకోలేడు. 36వ నిమిషంలో ఆమె పెదవి విప్పినప్పుడు అతను ఇంకా ఊ కొడుతూనే ఉంటాడు.